కుక్క ముక్కుకి మనమే అడ్డు

శ్రోతలకు నమస్కారం.

కుక్కల ఆటల పోటీలు అనగానే అందరికీ గుర్తొచ్చేది అజిలిటీ, అంటే అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట. 1978లో లండన్ క్రఫ్ట్స్ డాగ్ షోలో, విరామంలో ప్రేక్షకులకు కాలక్షేపంగా మొదలైంది. అక్కడ కుక్క మన భుజం ఎటు తిరిగితే అటు పరుగెడుతుంది. ఒబీడియన్స్‌లో మన మాట వింటుంది. మూడోది సెంట్ వర్క్, అంటే వాసన పట్టే ఆట. ఇక్కడ మాత్రం కుక్క మాట మనం వినాలి. నాకు ఇదే కష్టమైంది.

మా బుజ్జి ఊరకుక్క. మేడ మీద పది అట్టపెట్టెలు వరుసగా పెట్టి, ఒకదాంట్లో ఉడికించిన చికెన్ ముక్క దాచేవాణ్ణి. బుజ్జి వాసన చూసుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ పెట్టె దగ్గర కూర్చునేది. వారం తిరక్కుండానే పోటీలకు పంపొచ్చు అనుకున్నాను.

ఒకరోజు మా ఆవిడకి అనుమానం వచ్చింది. "మీరు లోపలికెళ్లండి, నేను దాస్తాను" అంది. బయటికొచ్చి తాడు పట్టుకుని నడిచాను. బుజ్జి మూడో పెట్టె దాటింది, ఐదోది దాటింది, ఆగి నా మొహంలోకి చూసింది. నాకూ తెలియదు కదా! చివరికి నేను ఊరికే నిలబడ్డ చోట, ఏడో పెట్టె దగ్గర కూర్చుంది. చికెన్ రెండో దాంట్లో ఉంది.

ఇన్నాళ్లూ అది చికెన్‌ని కాదు, నన్ను వాసన పట్టింది. సరైన పెట్టె దగ్గర నా అడుగు నెమ్మదించేది, తాడు కాస్త బిగుసుకునేది. నాకు తెలియకుండానే.

ఇది నా ఒక్కడి తప్పు కాదు. 2011లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. 18 మంది శిక్షకులకు, ఎర్ర కాగితం ఉన్నచోట వాసన దాచామని చెప్పారు. నిజానికి ఎక్కడా ఏమీ దాచలేదు. అయినా, వాళ్ల కుక్కలు దొరికిందని సైగ చేశాయని రెండొందలకు పైగా సార్లు చెప్పారు. అవి ఆషామాషీ కుక్కలు కావు, డ్యూటీ చేసే కుక్కలు.

అందుకే కొత్తవాళ్లకు ఒక్కటే చెబుతాను. దాచేది ఇంకొకరు కావాలి, ఎక్కడ దాచారో మీకు తెలియకూడదు. తాడు వదులుగా ఉండాలి. మీరు ఆగకూడదు. వాసన ఉన్న పెట్టెను వేరేగా గుర్తుపెట్టుకోండి, మర్నాడు దాన్ని ఖాళీ పెట్టెగా వాడితే కుక్కను మీరే మోసం చేసినట్టు.

మరి కుక్కకు దొరికిందని మనకెలా తెలుస్తుంది? వేగంగా వెళ్తున్న తల గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. మూతి అక్కడే ఆగి, ముక్కు చకచకా పనిచేస్తుంది. మీ మొహం చూస్తుంటే మాత్రం అది వెతకడం మానేసి, మిమ్మల్ని అడుగుతున్నట్టు లెక్క.

బుజ్జి రెండు నెలలకు నన్ను చూడటం మానేసింది. అప్పుడు చికెన్ తీసేసి, దూదిలో ఒక్క చుక్క లవంగ నూనె వేసి దాచడం మొదలుపెట్టాం. ఇప్పటికీ దాచేది మా ఆవిడే. నేను లోపల వంటింట్లో నిలబడతాను.