రెండు కళ్ళలో రెండు గదులు

నేను: నమస్కారం. ఈ రోజు విజయవాడ గవర్నర్‌పేటలో మా మామయ్య ఫొటో స్టూడియోలో కూర్చుని మాట్లాడుతున్నాం. మధ్యలో హారన్లు వినిపిస్తే ఓర్చుకోండి. మామయ్యా, ఆ సంబంధం ఫొటో సంగతి చెప్పండి.

మామయ్య: ఒకాయన ఫోను పట్టుకుని వచ్చాడమ్మా. కొడుక్కి ఆన్‌లైన్‌లో వచ్చిన సంబంధం. పిల్ల చక్కగా ఉంది కానీ మనసు ఒప్పుకోవడం లేదు, ఇది నిజం ఫొటోనా, ఏఐ తయారుచేసిందా చూడమన్నాడు.

నేను: ముందు వేళ్ళు లెక్కపెట్టారా?

మామయ్య: ఫొటోలో చేతులే లేవు. ఉన్నా ఏఐ బొమ్మల్లో ఆరో వేలి కోసం వెతికే రోజులు దాదాపు పోయాయి. నేను చెవులు చూశాను. రెండు వైపులా బుట్టకమ్మలున్నాయి. ఎడమ చెంపసరం జుట్టులోకి వెళ్ళి కొక్కేనికి తగులుకుంది. కుడివైపుది సగం దూరం వెళ్ళి, వెంట్రుకల్లో వెంట్రుకలా కలిసిపోయింది.

నేను: జుట్టు చాటున ఉండవచ్చు కదా?

మామయ్య: ఉండవచ్చు. అందుకే దానితో తేల్చలేదు. కళ్ళు పెద్దవి చేసి చూశాను. కనుగుడ్డు ముందుభాగం గుండ్రటి అద్దంలాంటిది, ఎదురుగా ఉన్న వెలుగు అందులో చిన్న మెరుపుగా పడుతుంది. ఈ స్టూడియోలో లైటు నాకు ఎడమవైపు, కాస్త ఎత్తులో పెడతాను. ఫొటోలో రెండు కళ్ళలోనూ గడియారంలో పది అంకె ఉండేచోట మెరుపు కనిపిస్తుంది. లైటు చతురస్రమైతే మెరుపూ చతురస్రమే.

నేను: మరి ఆ అమ్మాయి కళ్ళలో?

మామయ్య: ఒక కంట్లో నాలుగు గళ్ళ కిటికీ, రెండో కంట్లో గుండ్రటి దీపం! రెండు కళ్ళ మధ్య ఆరేడు సెంటీమీటర్లే కదమ్మా, అంతలో గది మారిపోతుందా? ఏఐ ప్రోగ్రాము లక్షల ఫొటోలు చూసి, కంట్లో మెరుపు ఉండాలని నేర్చుకుంటుంది. ఆ రెండు మెరుపులకూ వెలుగు ఒక్కటే అన్న లెక్క దానికి లేదు.

నేను: 2024లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే చూశారు. గెలాక్సీలో వెలుగు ఎలా పరుచుకుందో కొలిచే పద్ధతితో రెండు కళ్ళ మెరుపులనూ పోల్చారు. తప్పులు మాత్రం వస్తాయని వాళ్ళే చెప్పారు.

మామయ్య: రావా మరి! వెలుగు బాగా పక్కనుంచి పడితే ముక్కు అడ్డొచ్చి ఒక కంట్లో మెరుపే ఉండదు. ఫోన్ల మధ్య తిరిగి తిరిగి నలిగిన ఫొటోలో మెరుపు ఆకారం కూడా పోతుంది. నాకు మెరుపు లేకపోవడం మీద అనుమానం లేదు, రెండు వేర్వేరు ఆకారాలు ఉండటం మీదే. ఆయనతో ఇంకో నాలుగు ఫొటోలు అడగమన్నాను. ఒక్కటీ రాలేదు.

నేను: ఇదిగో, నిన్న బస్సులో కిటికీ పక్కన తీసుకున్న నా సెల్ఫీ. కుడి కంట్లో మెరుపే లేదు మామయ్యా!

మామయ్య: అటు నీ ముక్కు నీడ పడిందిలే. మా అక్క ముక్కే వచ్చింది నీకు.