డొమైన్ గడువు అయిపోతోందని మెయిల్ వచ్చిందా? కట్టే ముందు ఒక్క తేదీ చూడండి

యాంకర్: తాడేపల్లిగూడెం నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. మాది పచ్చళ్ల వ్యాపారం, ఒక వెబ్‌సైట్ ఉంది, డాట్ కామ్. మొన్న ఒక మెయిల్ వచ్చిందండీ. మీ డొమైన్ గడువు అయిపోతోంది, 24 గంటల్లో 8,650 రూపాయలు కట్టాలి, లేకపోతే రద్దు అని. పైన మా డొమైన్ పేరు కరెక్టుగా ఉంది, మా షాపు అడ్రసు కూడా ఉంది. అసలే ఇది ఆవకాయ సీజను, ఆర్డర్లన్నీ దాన్నుంచే వస్తాయి. టెన్షన్ పట్టుకుంది.

నిపుణురాలు: కట్టేశారా?

కాలర్: లేదండీ, మా ఆవిడ ఆగమంది.

నిపుణురాలు: ఆవిడకి నా తరఫున థ్యాంక్స్ చెప్పండి. ఇప్పుడు ఆ మెయిల్లో లింకులేవీ నొక్కకుండా, బ్రౌజర్లో మీరే lookup.icann.org అని టైప్ చేసి, అందులో మీ డొమైన్ పేరు కొట్టండి. నేను ఆగుతాను.

కాలర్: కొట్టానండీ... ఏదో పెద్ద లిస్టు వచ్చింది.

నిపుణురాలు: Registry Expiration అని ఉంటుంది, చూడండి.

కాలర్: నవంబర్ 14 అని ఉందండీ. ఇది మే నెల కదా!

నిపుణురాలు: అదీ సంగతి. ఆరు నెలలు గడువున్న దానికి 24 గంటల బెదిరింపు. అదే పేజీలో Registrar అని ఒక కంపెనీ పేరు ఉంటుంది, మీ డొమైన్‌ని రెన్యూ చేయాల్సింది అక్కడే. మెయిల్ పంపిన కంపెనీ అదేనా?

కాలర్: కాదండీ, వేరే ఏదో.

నిపుణురాలు: మెయిల్ కిందిదాకా వెళ్లి చిన్నక్షరాలు చదవండి. సెర్చ్ ఇంజిన్లలో నమోదు చేసే సేవ అనో, ఇది బిల్లు కాదు ఆఫర్ మాత్రమే అనో ఉండొచ్చు.

కాలర్: ఉందండోయ్! సెర్చ్ ఇంజిన్ సబ్మిషన్ అని రాశాడు.

నిపుణురాలు: అంటే మీరు కట్టినా డొమైన్ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. మీ వివరాలు వాడికి ఎలా తెలిశాయంటే, గడువు తేదీ ఎవరైనా చూడగలిగేదే, అడ్రసు మీ సైట్లోనే ఉంది. ఇంతకీ డొమైన్ ఎవరు కొన్నారు?

కాలర్: సైట్ చేసిన కుర్రాడేనండీ. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు.

నిపుణురాలు: అసలు గండం ఇక్కడుంది. డాట్ కామ్‌కి రిజిస్ట్రార్ గడువుకి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తు చేయాలి. ఆ నిజమైన మెయిల్ అతని ఐడీకి పోతుంది, మీకు చేరేది ఈ దొంగదే. ఈ రోజే అతనికి ఫోన్ చేసి, అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరున అకౌంట్ తెరిచి డొమైన్ దాంట్లోకి మార్పించుకోండి. రెన్యూ ఖర్చు ఎంతో ఆ అకౌంట్లోనే కనిపిస్తుంది, మామూలు డాట్ కామ్‌కి 8,650 అయితే కాదు.

యాంకర్: ఇలా కట్టేసినవాళ్లు ఉంటే మేడమ్?

నిపుణురాలు: వెంటనే బ్యాంకుకి చెప్పి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

యాంకర్: మంచిర్యాల నుంచి ఇంకో కాలర్.

కాలర్: నమస్తే మేడమ్. మాది మసాలా పొడుల బ్రాండు, ట్రేడ్‌మార్క్ ఉంది. రెన్యూవల్‌కి 28,000 కట్టాలని లెటర్ వచ్చింది. పైన సింహాల బొమ్మ కూడా ఉంది.

నిపుణురాలు: బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చండీ. అప్లికేషన్ ఎప్పుడు వేశారు?

కాలర్: 2019లో. సర్టిఫికెట్ 2021లో వచ్చింది.

నిపుణురాలు: ట్రేడ్‌మార్క్ గడువు పదేళ్లు, అది లెక్కపెట్టేది అప్లికేషన్ వేసిన తేదీ నుంచి, సర్టిఫికెట్ తేదీ నుంచి కాదు. అంటే మీకు 2029 దాకా ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పంపే నోటీసు కూడా గడువుకి ఆరు నెలల లోపే రావాలి, అంతకంటే ముందు కాదు. ఆన్‌లైన్‌లో రెన్యూవల్‌కి వేసే TM-R ఫారానికి ప్రభుత్వ ఫీజు ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో రకం సరుకుకి 9,000. మీది ఎన్ని క్లాసులు?

కాలర్: ఒకటే.

నిపుణురాలు: మరి 28,000 ఎక్కడిది? మీరే పెట్టుకున్న ఏజెంటో లాయరో తన ఫీజు వేరుగా అడిగితే అది మోసం కాదు, కానీ ప్రభుత్వ ఫీజు ఎంత, తనది ఎంత అని విడగొట్టి రాసివ్వాలి. ipindia.gov.in లో మీ అప్లికేషన్ నంబరు కొడితే స్టేటస్, గడువు తేదీ కనబడతాయి. లెటర్లో డబ్బు ఏ అకౌంట్‌కి వేయమన్నాడు?

కాలర్: ఏదో ప్రైవేట్ కంపెనీ పేరున్న కరెంట్ అకౌంట్, మేడమ్.

నిపుణురాలు: ఇక అడగాల్సిందేముంది! రిజిస్ట్రీ ఫీజు వాళ్ల సైట్లోనో ఆఫీసులోనో కట్టాలి. ఆ కాగితం పడేయకండి, ఫోటో తీసి cybercrime.gov.in లో పెట్టండి.