నోటీసు అందగానే టేపు తీయండి

కాలనీ సంఘం పెద్దలకు, తల్లులకు, అన్నదమ్ములకు నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్లందరి పేర్లూ చెప్పడం మర్యాదే. కానీ నాకిచ్చింది పావుగంట, మీలో సగం మంది చేతుల్లో ఇంటి పన్ను నోటీసులు కనిపిస్తున్నాయి. అందుకే నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మున్సిపల్ రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అభ్యంతర పత్రాలు కట్టలు కట్టలు చదివాను. నూటికి తొంభై అర్జీల్లో ఒకటే మాట: "అయ్యా, పన్ను చాలా ఎక్కువ వేసినారు, దయచేసి తగ్గించగలరు." ఆ అర్జీ మీద అధికారి ఏం చేయగలడు? దయ అనే కాలమ్ ఆ రిజిస్టరులో లేదు. కొలత, కట్టడం రకం, వాడకం, జోన్, ఇంటి వయసు, ఇవే ఉన్నాయి. వీటిలో తప్పు ఎక్కడుందో మీరు చూపించాలి.

అద్దె విలువ మీద పన్ను వేసే చోట లెక్క ఇట్లా నడుస్తుంది. పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్లో ఒక్కో రకం కట్టడానికి చదరపు మీటరుకు నెల అద్దె ఇంత అని ఖరారు చేస్తారు. స్లాబు ఇంటికి ఒక రేటు, రేకుల ఇంటికి ఒకటి. నివాసానికి ఒకటి, దుకాణానికి ఇంకొకటి. మీ ఇంటి ప్లింత్ ఏరియాను, అంటే కట్టిన మేర వైశాల్యాన్ని, ఆ రేటుతో, మళ్లీ 12తో గుణిస్తే ఏడాది అద్దె విలువ వస్తుంది. అందులో ఇంటి వయసును బట్టి కొంత తీసేస్తారు: 25 ఏళ్లలోపు ఇంటికి 10 శాతం, 40 ఏళ్ల దాకా 20 శాతం, ఆపైన 30 శాతం. మిగిలినదాని మీద పన్ను శాతం, ఆ పన్ను మీద 8 శాతం లైబ్రరీ సెస్సు. అంతే.

ఇక్కడ ఒక పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఊరు పేరు వద్దు. భర్త పోయాక ముందు గదికి షట్టర్ పెట్టించి చిన్న కిరాణం నడుపుకునేది. వెనక గదుల్లో తనూ, మనవరాలూ. ఒక ఏడాది పన్ను డిమాండు చూసి ఆమెకు టెన్షన్ పట్టుకుంది. కొలతకు వచ్చినవాళ్లు షట్టర్ చూసి కింది అంతస్తు మొత్తం దుకాణమని రాసేశారు. లోపలికి అడుగు పెట్టలేదు. పొయ్యి, మంచం, మనవరాలి పుస్తకాలు అన్నీ రిజిస్టరులో దుకాణమే!

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి గుండ్రటి అంకెలు వేస్తున్నా. ఇవి మీ జోన్ రేట్లు కావు. కింది అంతస్తు 100 చదరపు మీటర్లు, దుకాణం రేటు 40 రూపాయలు, నివాసం రేటు 10 అనుకుందాం. అంతా దుకాణమైతే ఏడాది అద్దె విలువ 48,000. నిజానికి షట్టర్ గది 12 మీటర్లే. దానికి 5,760, మిగతా 88 మీటర్లకు 10,560, కలిపి 16,320. చూశారా అమ్మా, మూడో వంతుకు వచ్చింది. వయసు తగ్గింపు ఇంకా తీయలేదు.

ఆమె మొదటి అర్జీ కూడా దయ అర్జీయే. ఏమీ కాలేదు. రెండోసారి ఎదురింటి అబ్బాయి టేపు పట్టి ఒక్కో గదీ కొలిచి, తెల్లకాగితం మీద నక్షా గీసి, షట్టర్ గది ఏదో, వంటిల్లు ఏదో రాసిచ్చాడు. దానికి కరెంటు బిల్లులు జత చేసింది. ఇంటికి గృహ మీటరు, దుకాణానికి కమర్షియల్ మీటరు వేరుగా ఉండడం ఆమెకు బాగా కలిసొచ్చింది. ఏ ముక్క ఇల్లో, ఏ ముక్క దుకాణమో కరెంటోళ్ల కాగితమే చెప్పింది. మళ్లీ కొలిచారు, సరిచేశారు. అప్పటిదాకా ఆ తల్లి పడ్డ మనోవ్యథకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ కోపమే.

వెనక కూర్చున్న అన్నా, నీ నోటీసు తీయి. ప్లింత్ ఏరియా ఎంతుంది? అది అడుగులా, మీటర్లా? చదరపు మీటరంటే 10.76 చదరపు అడుగులు. ఇంట్లో కొలిచిన చదరపు అడుగులను దాంతో భాగించి చూడు. పైకప్పు లేని డాబా కలిపారా? వెనక రేకుల షెడ్డును స్లాబుగా రాశారా? ఈ మూడూ చూసుకున్నాకే కలం పట్టు.

మీ జోన్ రేటు ఎంతో ఆఫీసులో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పక్కింటివాళ్ల అసెస్‌మెంట్‌తోనూ పోల్చుకోవచ్చు. కానీ జోన్, కట్టడం రకం, వాడకం ఒకటైతేనే ఆ పోలిక నిలుస్తుంది. రేటే మీకు ఎక్కువ అనిపిస్తే ఒక్క ఇంటి అర్జీతో అది మారదు, ఎందుకంటే అది జోన్ మొత్తానికి ఖరారైన రేటు. మీ అర్జీ పనిచేసేది మీ ఇంటి వివరాల మీదే.

నోటీసు చేతికందిన తేదీ దాని వెనకే రాసుకోండి. అభ్యంతరానికి గడువు అందులోనే ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి. అర్జీ కమిషనర్ గారి పేరున రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే మీరు ఇచ్చినట్టే కాదు. వచ్చిన జవాబు నచ్చకపోతే పైన అప్పీలుంది. అయితే అక్కడ సాధారణంగా డిమాండు సొమ్ము ముందు జమ చేయమంటారు. అందుకే మొదటి అర్జీలోనే కొలతలన్నీ పెట్టాలి. అర్జీ ఇచ్చాం కదా అని పన్ను కట్టడం మానేయకండి, బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఒప్పుకున్న మేరకు కట్టి, ఆ రసీదునూ జత చేయండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. టేపు నా సంచిలో ఉంది. నోటీసు ఉన్నవాళ్లు ఇటు రండి, మొదట వెనక వరుసలోని ఈ అన్నది చూద్దాం.