పొగ లేస్తే నూనె కాగినట్టేనా?

(విజయనగరం నుంచి ప్రసారమైన వంటింటి ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. సమాధానాలు చెప్పినవారు కాలేజీలో ఫుడ్ టెక్నాలజీ బోధించే అధ్యాపకురాలు.)

యాంకర్: నమస్కారం. పండగ పిండివంటలు మొదలయ్యే రోజులు కాబట్టి ఈ వారం నూనెల గురించి మాట్లాడుకుందాం. మేడమ్ స్టూడియోకి వచ్చేశారు. మొదటి కాల్ రాజాం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. మొన్న జంతికలు చేశాం. సగం పిండి ప్యాకెట్ వేరుశనగ నూనెలో వేశాను, మిగతా సగం గానుగ నూనెలో. రెండూ పాడయ్యాయి. ప్యాకెట్ నూనెలో వేసినవి నిమిషంలో నల్లగా మారిపోయాయి, విరిచి చూస్తే లోపల మెత్తగా ఉన్నాయి. గానుగ నూనెలో వేసేసరికి ఇల్లంతా పొగ, కళ్ళు మండిపోయాయి. గానుగ ఆయన కల్తీ చేశాడని మా అత్తయ్య గారు అంటున్నారు.

మేడమ్: నూనె కాగిందో లేదో మీరు ఎలా చూశారమ్మా?

శ్రోత: మా అత్తయ్య గారు చెప్పినట్టే. సన్నగా పొగ లేవగానే వేయాలి కదా.

మేడమ్: రెండు నూనెలకూ అదే గుర్తు పెట్టుకున్నారా?

శ్రోత: రెండింటికీ అదే మేడమ్.

మేడమ్: తేడా అక్కడే వచ్చింది. కల్తీ అని నేను మాత్రం అనను. రెండూ వేరుశనగ నూనెలే అయినా పొగ లేచే వేడి ఒకటి కాదు. గానుగలో ఆడించి, వడకట్టి ఇచ్చిన వేరుశనగ నూనె దాదాపు 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలెడుతుంది. రిఫైన్డ్ వేరుశనగ నూనె దాదాపు 230 డిగ్రీల దాకా ఆగుతుంది. మీ సీసాలో నూనె తాజాదా, పాతదా అన్నదాన్ని బట్టి ఇవి పది, ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. జంతికలకు కావలసిన వేడి 160 నుంచి 170.

శ్రోత: అంటే ప్యాకెట్ నూనె పొగ లేచేదాకా ఆగితే…

మేడమ్: అవసరమైన దానికంటే అరవై డిగ్రీలు ఎక్కువ కాగిపోయిందన్నమాట. అంత వేడిలో పిండి వేస్తే పైపొర వెంటనే మాడి గట్టిపడుతుంది. లోపలి తడి బయటికి వచ్చేలోపే మీరు జంతిక తీసేస్తారు, అందుకే లోపల మెత్తగా మిగిలింది. మీ అత్తయ్య గారి గుర్తు తప్పు కాదమ్మా, గానుగ నూనె వాడే రోజుల్లో అది సరిగ్గా పనిచేసేది. అప్పట్లో నూనె సన్నగా పొగ లేచిందంటే జంతికల వేడికి వచ్చిందని అర్థం, వెంటనే పిండి వేసి మంట తగ్గించేవారు. ఇప్పుడు నూనె మారింది, గుర్తు మాత్రం అలాగే ఉండిపోయింది.

శ్రోత: మరి గానుగ నూనెలో పొగ ఎందుకు ఆగలేదు?

మేడమ్: పొగ లేచాక మంట తగ్గించారా?

శ్రోత: లేదు మేడమ్, వాయ వేస్తే చల్లారిపోతుందని పెద్ద మంట మీదే ఉంచాను.

మేడమ్: అందుకే. గానుగ నూనెలో గింజలోంచి వచ్చిన సన్నటి మడ్డి, కొంచెం తడి, విడి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. త్వరగా పొగ లేచేది ముఖ్యంగా వీటి వల్లే. రిఫైన్ చేసేటప్పుడు వీటిని తీసేస్తారు. ఆ నూనె ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది కానీ వాసన, రుచి పోతాయి. పెద్ద మంట మీద గానుగ నూనె పొగలోనే ఉడికినట్టు అయ్యింది. కళ్ళు మండించేది అక్రోలిన్ అనే వాయువు, నూనెలోని గ్లిజరిన్ విడిపోయి తయారవుతుంది. ఆ పొగ పట్టిన నూనెలో వేయిస్తే జంతికలకు కూడా చేదు వాసన వస్తుంది. ఎక్కువ పొగ పట్టిన నూనె మళ్ళీ పిండివంటలకు వాడకండి.

శ్రోత: ఈసారి ఏ నూనె వాడమంటారు?

మేడమ్: జంతికలకు రిఫైన్డ్ వేరుశనగ నూనె గానీ, తవుడు నూనె గానీ, పామాయిల్ గానీ బాగుంటాయి. పొగ కోసం మాత్రం చూడకండి. మంట మధ్యస్థంగా పెట్టి, చిటికెడు పిండి వేసి చూడండి. అడుగునే ఉండిపోతే కాగలేదు. మునిగి, చుట్టూ బుడగలతో రెండు మూడు క్షణాల్లో పైకి తేలితే సరైన వేడి. వేసిన వెంటనే తేలి, కళ్ళముందే రంగు తిరిగితే ఎక్కువైంది, స్టవ్ కట్టేసి రెండు నిమిషాలు ఆగండి. వాయ వేసిన ప్రతిసారీ నూనె చల్లబడుతుంది. మూకుడు నిండా వేస్తే మరీ చల్లబడి జంతికలు నూనె పీలుస్తాయి, అందుకే ఒకేసారి మూడు, నాలుగు చాలు. తీశాక మళ్ళీ పిండి వేసి చూసుకుని రెండో వాయ వేయండి.

శ్రోత: గానుగ నూనె ఐదు కేజీల డబ్బా కొన్నాను మేడమ్, దాన్ని ఏం చేయను?

మేడమ్: కూరలకు, పోపులకు వాడండి, దాని విలువ అక్కడే తెలుస్తుంది. డబ్బా వెలుతురు తగలని చోట మూత బిగించి పెట్టండి. గానుగ నూనె నిలవ ఉన్న కొద్దీ విడి ఆమ్లాలు పెరిగి ఇంకా తక్కువ వేడికే పొగ లేస్తుంది.

యాంకర్: పోపు మాట వచ్చింది కాబట్టి చీపురుపల్లి నుంచి కాల్ తీసుకుందాం. చెప్పండి అక్కా.

శ్రోత: మేడమ్, పులిహోరకు నువ్వుల నూనె పోపు పెడతాను. నువ్వుల నూనె త్వరగా మాడుతుందని, పోపుకు కూడా రిఫైన్డ్ నూనే వాడమని మా పాప అంటోంది. నిజమేనా?

మేడమ్: పాప విన్నది వేపుళ్ళ విషయంలో కొంతవరకు నిజం. గానుగ నువ్వుల నూనె దాదాపు 175 డిగ్రీల దగ్గర పొగ మొదలెడుతుంది, గంటసేపు గారెలు వేయించడానికి అది చాలదు. కానీ పోపులో నూనె ఎంత? రెండు మూడు చెంచాలు. ఎంతసేపు? ఆవాలు చిటపటలాడి, మినప్పప్పు ఎర్రబడేంతవరకు. పైగా కరివేపాకు, పచ్చిమిర్చి తడి పడగానే వేడి దిగిపోతుంది. వేడిని ఎక్కువసేపు ఓర్చుకోవాల్సిన అవసరమే లేదు. అక్కడ రుచి ముఖ్యం. పులిహోరకు నువ్వుల నూనె వాసన పోగొట్టుకోవద్దు. పప్పుకైతే నెయ్యి పోపు బాగుంటుంది.

శ్రోత: అయినా ఒక్కోసారి మిరపకాయలు నల్లబడి గొంతు పట్టేస్తోంది.

మేడమ్: తక్కువ నూనె కదా, చిన్న గరిటెలో క్షణాల్లో వేడెక్కిపోతుంది. నూనె వేయగానే రెండు ఆవగింజలు కూడా వేసేయండి. అవి పగలగానే మిగతా ఆవాలు, మినప్పప్పు వేయండి. పప్పు రంగు తిరగడం మొదలవగానే మంట తగ్గించి ఎండుమిర్చి, ఇంగువ వేయండి. కరివేపాకు గుడ్డతో తుడిచి చివర్లో వేసి స్టవ్ కట్టేయండి. ఆవాలు పగలకముందే పొగ వచ్చిందంటే మంట ఎక్కువైందన్నమాట. ఆ నూనె పారబోసి మళ్ళీ మొదలెట్టండి. మూడు చెంచాల నూనెకు ఆలోచిస్తే గిన్నెడు పులిహోర చేదెక్కుతుంది.

యాంకర్: ఇచ్ఛాపురం నుంచి ఒక చిన్న ప్రశ్న వాట్సాప్‌లో వచ్చింది మేడమ్. వాళ్ళింట్లో ఆవనూనె వాడతారట, దాన్ని కావాలనే పొగ వచ్చేదాకా కాచి వాడతారు, అది కూడా తప్పేనా అని.

మేడమ్: ఆవనూనె సంగతి వేరు. దాదాపు 250 డిగ్రీల దాకా ఆగుతుంది. ముక్కుకు ఘాటెక్కించే వాసన తగ్గించడానికి పొగ లేచేదాకా కాస్తారు. అది తప్పు కాదు, కానీ పొగ కనిపించగానే స్టవ్ కట్టేసి, నూనె కాస్త చల్లారాక పోపు గింజలు వేయాలి. కాగినంత వేడిలోనే వేస్తే జీలకర్ర బొగ్గవుతుంది.

యాంకర్: ఇప్పుడు ఆమదాలవలస నుంచి ఒక అన్నయ్య లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. సాయంత్రం బజ్జీల బండి పెడతాను. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె వాడతాను. పొద్దుపోయేసరికి మామూలు మంటకే పొగ లేస్తోంది. మర్నాడు దాన్లోనే కొత్త నూనె కలుపుతున్నాను. కంపెనీ మారిస్తే సరిపోతుందా?

మేడమ్: కంపెనీ మార్చినా అదే జరుగుతుంది బాబూ. సీసాలో ఉన్నప్పటి పొగ వేడి వేరు, మూకుట్లో మూడు గంటలు కాగాక వేరు. బజ్జీల తడి, రాలిన పిండి, గాలి, వేడి అన్నీ కలిసి నూనెను విడగొడుతూ ఉంటాయి. విడి ఆమ్లాలు పెరిగే కొద్దీ పొగ లేచే వేడి దిగుతుంది. 230 దాకా ఆగిన నూనె కొన్ని గంటల తర్వాత బజ్జీల వేడికే పొగ పెడుతుంది. సన్‌ఫ్లవర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. కొత్తదైతే పొగ ఆలస్యంగానే లేస్తుంది, అందుకని అది ఎంతసేపు కాగినా తట్టుకుంటుందనుకుంటారు. కానీ అందులోని కొవ్వు గాలితో త్వరగా కలిసి జిగురవుతుంది. మీ మూకుడు అంచున గోధుమరంగు బంకలాంటిది కట్టుకుంటుంది కదా?

శ్రోత: ఉంది మేడమ్, పీచు వేసి ఎంత తోమినా వదలదు.

మేడమ్: అది నూనే. పాడై గట్టిపడిన నూనె. గంటల తరబడి కాచే బండికి పామాయిల్ గానీ తవుడు నూనె గానీ నయం, రెండూ అంత త్వరగా జిగురెక్కవు. గుండెకు మంచిదని నేను పామాయిల్ చెప్పడం లేదు, ఇంట్లో రోజూ తినడానికి అదే వాడమనీ అనను. మూకుట్లో ఎక్కువసేపు నిలబడేది ఏదన్న ప్రశ్నకే ఈ జవాబు.

శ్రోత: పాత నూనెలో కొత్తది కలపడం?

మేడమ్: ఆపేయండి. పాతదాన్లోని పాడైన పదార్థాలు కొత్త నూనెనూ త్వరగా పాడు చేస్తాయి. మీరు కలిపింది పాతదాన్ని బాగుచేయదు. వేయించే నూనె పాడయ్యే కొద్దీ అందులో తయారయ్యే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది, 2018 జూలై నుంచి అమల్లో ఉంది. అది కొలవడానికి మీటరు కావాలి. బండి దగ్గర మీరు చూడగలిగింది నురగ. బజ్జీ వేసినప్పుడు వచ్చే బుడగలు పెద్దగా ఉండి, తీయగానే అణిగిపోతే నూనె ఇంకా బాగుంది. సన్నటి నురగ మూకుడంతా కమ్మి, బజ్జీ తీశాక కూడా అణగకపోతే ఆ నూనె అయిపోయింది. మామూలు మంటకే పొగ లేవడం దాని తర్వాతి దశ, అక్కడిదాకా రానివ్వకండి.

శ్రోత: రోజూ మూడు కేజీలు పోస్తాను మేడమ్. పారబోయాలంటే నష్టం కదా?

మేడమ్: అయితే మొదటే తక్కువ పోయండి. చిన్న మూకుడు పెట్టి కేజీన్నరతో మొదలెట్టి, తగ్గినప్పుడల్లా ఆ పూటకే కొత్త నూనె పోస్తూ ఉండండి. ఆ పూట నూనెలో మర్నాటిది కలపకపోతే చాలు. రాలిన పిండిని ప్రతి వాయకూ జల్లి గరిటెతో తీసేయండి, అది మాడి నూనెను నల్లబరుస్తుంది. బేరం లేనప్పుడు మంట కట్టేయండి, ఊరికే కాగే నూనె కూడా పాడవుతూనే ఉంటుంది. ఉప్పు మూకుడు మీద చల్లకండి, బజ్జీలు తీశాకే చల్లండి. ఎప్పుడైనా పొగ గట్టిగా లేస్తే గ్యాస్ కట్టేసి పళ్ళెం మూత పెట్టండి. నీళ్ళు మాత్రం చల్లకండి, మూకుడు ఎత్తి పక్కకు పెట్టకండి.

శ్రోత: మిగిలిన నూనె కాలవలో పోయొచ్చా?

మేడమ్: వద్దు, జిడ్డు పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. డబ్బాలో నింపి పెట్టుకోండి. వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించేవాళ్ళు ఉంటారు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దానికి రూకో అనే కార్యక్రమం కూడా పెట్టింది. మీ ఊరికి వచ్చే సేకరణదారు ఎవరో మీ జిల్లా ఆహార భద్రత అధికారిని అడగండి. మళ్ళీ తినే నూనెగా అమ్ముకునేవాళ్ళకు మాత్రం ఆ డబ్బా ఇవ్వకండి.