స్టేషనరీ లిస్టు: స్పేర్‌ను పిల్లల మీద లెక్కపెట్టండి, డజన్లు చివర్న కట్టండి

[స్క్రీన్ మీద: ఖాళీ ఎక్సెల్ షీటు]

నమస్తే. బడిలో ఏడాది స్టేషనరీ లిస్టు తయారుచేసే ఆఫీసు వాళ్ల కోసం, హెడ్మాస్టర్ల కోసం ఈ వీడియో. హన్మకొండలో ఒక చిన్న ప్రైవేటు బడి ఉన్నదనుకుందాం. ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులు, ఫీజులోనే నోటుబుక్కులు కలిపి ఇస్తరు. లిస్టులో ఎన్నో ఉంటయి గానీ ఈ రోజు ఒక్క వస్తువునే పట్టుకుని చివరి దాకా పోదాం: ఇంగ్లీషుకు వాడే ఫోర్ రూల్ నోటుబుక్కు, వంద పేజీలది. దీని లెక్క కుదిరితే మిగతా నోటుబుక్కులకు అదే షీటు పనికొస్తది.

[స్క్రీన్ మీద: ఐదు క్లాసుల పేర్లు, పక్కన స్ట్రెంత్]

ముందుగాల స్ట్రెంత్. ఏప్రిల్‌లో హాజరు పట్టీలో ఉన్న సంఖ్యను అట్లనే రాయొద్దు. జూన్ 12న బడి తెరిచేసరికి ఇప్పటి ఒకటో క్లాసు పిల్లలు రెండులో ఉంటరు. కాబట్టి ప్రతి సంఖ్యనూ ఒక క్లాసు పైకి జరపాలె. టీసీ అడిగినోళ్లను తీసెయ్యాలె. ఐదోళ్లు బడి దాటి పోతరు, యూకేజీ వాళ్లు ఒకటిలోకి వస్తరు. ఈ జరపడం మర్చిపోయిన లిస్టును పట్టుకునుడు సులువే: అందులో ఒకటో క్లాసు స్ట్రెంత్ నిరుటి ఒకటో క్లాసు స్ట్రెంత్‌తో అచ్చం సరిపోతది.

మన బడిలో జరిపిన తర్వాత ఒకటిలో 38 మంది, రెండులో 41, మూడులో 35, నాలుగులో 33, ఐదులో 29 మంది. ఫోర్ రూల్ బుక్కులు ఒకటికీ రెండుకూ మనిషికి మూడేసి, మూడో క్లాసుకు రెండు, నాలుగు ఐదులకు ఒక్కొక్కటి.

ఇప్పుడు స్పేర్. చాలామంది మొత్తం గుణించినంక ఐదు శాతం కలిపి వదిలేస్తరు. నాకు ఆ పద్ధతి నచ్చదు, ఎందుకో చెప్త. స్పేర్ బుక్కులు ఎవరికి పోతయి? ఎక్కువగా జూన్, జూలైలో కొత్తగా చేరే పిల్లలకు. కొత్తగా చేరినోడికి ఒక బుక్కు ఇస్తే సరిపోదు, మొత్తం సెట్టు ఇయ్యాలె. ఒకటో క్లాసులో 38 మందికి 114 బుక్కులు. ఐదు శాతం కలిపితే 120. మిగిలినవి ఆరు, అంటే ఇద్దరు పిల్లల సెట్లు. ఒకటో క్లాసులోనేమో ఆఖరు నిమిషం అడ్మిషన్లు ఎక్కువ, నలుగురు వస్తే ఇద్దరికి ఫోర్ రూల్ ఉండదు. అదే ఐదో క్లాసులోకి మధ్యలో చేరేటోళ్లు తక్కువ. అక్కడా ఇక్కడా ఒకే శాతం పెడితే అవసరం ఉన్న చోట కొరత, లేని చోట మిగులు.

అందుకే శాతం బదులు పిల్లల్ని కలపండి. అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి, నిరుడు జూన్ 12 తర్వాత ఏ క్లాసులో ఎంతమంది చేరిన్రో చూడండి. మన లెక్కకు ఒకటిలో నలుగురు, రెండులో ఇద్దరు, మూడులో ఇద్దరు, నాలుగు ఐదుల్లో ఒక్కొక్కరు.

[స్క్రీన్ మీద: కాలమ్‌లు నింపుతూ, ఫార్ములా టైప్ చేస్తూ]

షీటులో B కాలమ్ స్ట్రెంత్, C కొత్తగా వస్తరనుకునేటోళ్లు, D మనిషికి ఎన్ని బుక్కులు. E లో గుణకారం. రెండో వరుస నుంచి ఆరో వరుస దాకా ఐదు క్లాసులు.

```
E2:  =(B2+C2)*D2
E7:  =SUM(E2:E6)
E8:  40
E9:  12
E10: =ROUNDUP((E7-E8)/E9,0)
```

E2ను ఆరో వరుస దాకా కిందికి లాగండి. ఒకటికి 126, రెండుకు 129, మూడుకు 74, నాలుగుకు 34, ఐదుకు 30. మొత్తం 393.

E8 నిరుటి మిగులు. ఇది స్టాక్ రిజిస్టర్ చూసి రాసేది కాదు, స్టోర్ రూమ్‌లో చేత్తో లెక్కపెట్టి రాసేది. రిజిస్టర్‌లో 52 ఉండొచ్చు. కట్ట విప్పి చూస్తే అడుగున ఉన్నవి చెమ్మకు ఉబ్బి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటయి. కొన్నిటికి అంచు వెంబడి చెద తిన్న సన్నని దారి కనపడుతది. అవి పక్కన పెడితే పిల్లల చేతికి ఇయ్యదగ్గవి 40 అని తేలింది. షీటులో ఆ 40 మాత్రమే.

E9 ప్యాకింగ్. మన షాపులో ఫోర్ రూల్ డజన్ కట్టలుగా వస్తయి. లాంగ్ బుక్కులు కొన్ని కంపెనీలవి ఆరేసి కూడా వస్తయి కాబట్టి ఈ అంకెను ఫార్ములా లోపల ఇరికించకుండా విడి గడిలో పెట్టిన. వరంగల్ చౌరస్తా దిక్కు హోల్‌సేల్ షాపుకు ఒక ఫోన్ చేస్తే ప్యాకింగ్ చెప్తరు, అప్పుడు గడి మార్చుకుంటే చాలు.

393లోంచి 40 తీస్తే 353. పన్నెండుతో భాగిస్తే 29 దాటింది, కాబట్టి 30 డజన్లు. 360 బుక్కులు వస్తయి, ఏడు ఎక్కువ. ఎవరికన్నా బుక్కు చినిగినా పోయినా ఆ ఏడు సరిపోతయి.

[స్క్రీన్ మీద: పక్కనే రెండో పట్టిక, క్లాసువారీ డజన్లు]

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎక్కువ డబ్బు పోయేది ఈడనే. కొన్ని బడుల్లో ప్రతి క్లాస్ టీచర్ తన క్లాసుకు ఇన్ని డజన్లని చీటీ ఇస్తరు, ఆఫీసులో ఆ చీటీలన్నీ కూడతరు. పాత మిగులు సంగతి కాసేపు పక్కన పెట్టి చూడండి. 126కు 11 డజన్లు, 129కి 11, 74కు 7, 34కు 3, 30కి 3. మొత్తం 35 డజన్లు. అదే 393ను ఒక్కసారే డజన్లుగా మారిస్తే 33. రెండు డజన్లు ఊరికే ఎక్కువ. మూడో క్లాసునే చూడండి, ఆరు డజన్ల మీద రెండు బుక్కుల కోసం ఏడో కట్ట కొన్నం. లిస్టులో ఇట్లాంటి వస్తువులు ఇరవై ఉన్నయనుకుంటే స్టోర్ రూమ్ ఎట్ల నిండుతదో మీరే చూసుకోండి. టీచర్ల నుంచి తీసుకోవాల్సింది మనిషికి ఎన్ని అనే అంకె. డజన్లు ఆఫీసులో, ఒక్కసారే, చివర్న.

పెన్సిళ్లకు మాత్రం ఒక మెట్టు ఎక్కువ. ఒకటో క్లాసులో నెలకొకటి చొప్పున పది నెలలకు మనిషికి పది. 42 మందికి 420. ఇవి పోతయి, విరుగుతయి, కాబట్టి ఇక్కడ శాతం న్యాయమే, పది శాతం కలిపితే 462. డబ్బాకు పది చొప్పున 47 డబ్బాలు. ఆర్డర్ ఇచ్చే ముందు ఒక డబ్బా తెప్పించి రెండు మూడు పెన్సిళ్లు చెక్కి చూడండి. చెక్కిన ప్రతిసారీ ములుకు ఊడి పడుతుంటే లోపల గ్రాఫైట్ ముందే ముక్కలైనట్టు. ఆ సరుకుకు పది శాతం ఎట్లా సరిపోదు.

చాక్‌పీసులు, డస్టర్లు, హాజరు రిజిస్టర్లు ఈ షీటులోకి రావొద్దు, అవి సెక్షన్ లెక్కన రాసుకోవాలె.

[స్క్రీన్ మీద: E10 కింద కొత్త గడి]

ఆర్డర్ పంపే ముందు ఒక్క పరీక్ష. E7ను మొత్తం పిల్లలతో, కొత్తోళ్లతో కలిపి, భాగించండి.

```
=E7/SUM(B2:C6)
```

393ను 186తో భాగిస్తే 2.11 వస్తది. మనిషికి ఇచ్చేవి ఒకటి నుంచి మూడు కాబట్టి జవాబు ఆ మధ్యనే ఉండాలె. ఐదో ఆరో వచ్చిందంటే ఏదో D గడిలో 2కు బదులు 22 లాంటిది పడింది. ఒకటి కన్నా తక్కువ వస్తే ఒకటికి మించి D గడులు ఖాళీగా ఉన్నయి.

సరుకు దిగినంక స్పేర్ సెట్లను క్లాసువారీగా విడి డబ్బాలో కట్టి పెట్టండి, ఒకటికి నాలుగు సెట్లు, రెండుకు రెండు, అట్ల. అడ్మిషన్ నంబరు రాసుకోకుండా ఒక్క సెట్టు కూడా తియ్యొద్దు. దసరా సెలవులకు ముందు ఆ డబ్బాలు విప్పి, మిగిలిన సెట్లు ఎన్నో C కాలమ్ పక్కన రాయండి. వచ్చే ఏప్రిల్‌లో C నింపేటప్పుడు ఆ అంకెలే చూస్తరు.