యాపిల్ వాచ్ మాడ్యులర్ ఫేస్: ఏ గడిలో ఏం పెట్టాలి?

నమస్తే. చెయ్యెత్తి వాచ్ చూస్తే ఒక్క సెకనులో మీకు కావాల్సింది కనబడాలి. వేలు పెట్టి వెతకాల్సి వస్తే ఫోనే తీసుకోవచ్చు కదా. ఈ వీడియోలో యాపిల్ వాచ్‌లోని మాడ్యులర్ ఫేస్ ఒక్కటే తీసుకుని, అందులో ఏ గడిలో ఏం పెట్టాలో చూద్దాం.

ఫేస్ మీద టైమ్ కాకుండా కనబడే ప్రతి చిన్న సమాచారాన్నీ కాంప్లికేషన్ అంటారు. పాత గడియారాల పనివాళ్ల మాట ఇది. గంటలు, నిమిషాలు, సెకన్లు కాక ఇంకేం చూపించినా వాళ్లకది కాంప్లికేషనే.

[వాచ్ స్క్రీన్ దగ్గరగా]

మాడ్యులర్‌లో మొత్తం ఐదు గడులు. పైన ఎడమవైపు చిన్నది ఒకటి, మధ్యలో వెడల్పాటిది ఒకటి, కింద వరుసగా మూడు చిన్నవి. టైమ్ పైన కుడివైపు ఉంటుంది.

ఇప్పుడు ఫేస్ మీద వేలు నొక్కి పట్టుకోండి. Edit నొక్కండి. కాంప్లికేషన్ల పేజీ వచ్చేదాకా పక్కకు జరపండి. మధ్య గడిని తాకి క్రౌన్ తిప్పితే జాబితా వస్తుంది. కావాల్సింది ఎంచుకుని క్రౌన్ నొక్కండి, ఇంకోసారి నొక్కితే ఫేస్‌కి వచ్చేస్తారు. జాబితా పొడవుగా ఉంటుంది కాబట్టి, ఐదూ మార్చాలంటే ఐఫోన్‌లోని Watch యాప్‌లో My Faces కింద మార్చుకోవడం తేలిక.

మధ్య గడిలో క్యాలెండర్ పెట్టండి. అక్షరాలు చదవగలిగేంత చోటు ఉన్నది అక్కడే. తర్వాతి మీటింగ్ పేరు, టైమ్ రెండూ పడతాయి. అంత చోటులో బ్యాటరీ శాతం పెడితే హాల్లో స్టూల్ వేసినట్టే. అసలు బ్యాటరీకి గడే అక్కర్లేదు. వాచ్‌ఓఎస్ 10 నుంచి పక్కనున్న పొడవాటి బటన్ ఒక్కసారి నొక్కితే కంట్రోల్ సెంటర్‌లో శాతం కనబడుతుంది.

కింది మూడింట్లో మీటర్‌లా కనబడేవి బాగుంటాయి. వాతావరణంలో ఉష్ణోగ్రత కాంప్లికేషన్ చూడండి: మధ్యలో ఇప్పటి డిగ్రీలు, చుట్టూ ఉన్న గీత మీద చుక్క. ఆ చుక్క ఎటువైపుందో చూస్తే ఇవాళ్టి కనిష్ఠం, గరిష్ఠం మధ్య ఎక్కడున్నామో తెలిసిపోతుంది, అంకె చదవక్కర్లేదు. కాకపోతే ఫేస్‌కి ఒకే రంగు ఎంచుకుంటే ఆ గీతలోని రంగులు పోతాయి. అందుకని Color పేజీలో బహుళ రంగుల ఎంపికే ఉంచండి.

టైమర్ సంగతి వేరు. టైమర్ నడుస్తున్నప్పుడే అంకెలు కనబడతాయి, లేనప్పుడు అది ఉత్త షార్ట్‌కట్. రోజూ నాలుగైదు సార్లు టైమర్ పెట్టేవాళ్లకైతే సరే, మిగతావాళ్లకు గడి దండగ.

ఇక పైన ఎడమ మూల. వాచ్ ఎడమ చేతికి పెట్టుకుంటే ఆ వైపు మోచేతి దిక్కున ఉంటుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే అంచు ముందు కప్పేది ఆ మూలనే. కాబట్టి అత్యవసరమైనది అక్కడ పెట్టకండి. యాక్టివిటీ రింగుల్లాంటివి అక్కడికి చాలు.

[వాతావరణం గడి దగ్గరగా]

అందరికీ ఎదురయ్యే చిక్కు: ఫేస్ మీద ఉన్న అంకె పాతది, తాకి యాప్ తెరిస్తే కొత్తది. ఇది పాడవడం కాదు. బ్యాటరీ కోసం వాచ్ ఒక్కో యాప్‌కి రేషన్ పెడుతుంది. ఫేస్ మీద కాంప్లికేషన్ ఉన్న యాప్‌కి కూడా వెనకాల అప్‌డేట్ చేసుకునే అవకాశం గంటకు సుమారు నాలుగుసార్లే. అంటే పావుగంట తేడా మామూలే. లో పవర్ మోడ్‌లో ఉన్నా అప్‌డేట్లు ఇంకా నెమ్మదిస్తాయి. అంకె బదులు గీతలే కనబడితే, ఐఫోన్‌లో వాతావరణం యాప్‌కి లొకేషన్ అనుమతి ఉందో లేదో ముందు చూడండి.

ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఉన్న వాచ్‌లో ఇంకోటి. చెయ్యి దించినప్పుడు కూడా మీ మీటింగ్ పేరు పక్కవాళ్లకు కనబడొచ్చు. వాచ్ Settingsలో Display & Brightness, ఆపైన Always On తెరిచి, Show Complication Data ఆఫ్ చేయండి. చెయ్యి ఎత్తినప్పుడు మళ్లీ వచ్చేస్తుంది.

అన్నీ పెట్టాక చెయ్యి దించి, ఒక్క సెకను ఎత్తి, మళ్లీ దించండి. తర్వాతి మీటింగ్ ఎన్నింటికో చెప్పగలిగారా? లేకపోతే Editలోకి వెళ్లి, కింది మూడింట్లో మీ కన్ను ఆగని గడిని Off చేసేయండి.