గొంతు నొప్పి అనగానే దగ్గు ఉందా అని ఎందుకు అడుగుతామంటే

అందరికీ నమస్కారం. ఈ మధ్య మా క్లినిక్‌కి పిల్లల కంటే ముందు వాళ్ల గొంతు ఫొటోలు వస్తున్నాయి. ఫోన్ టార్చ్ వేసి, నోరు తెరిపించి, అమ్మ ఒక ఫొటో తీస్తుంది. "డాక్టర్ గారూ, తెల్లగా చీము పట్టింది చూడండి, యాంటీబయాటిక్ రాసి పంపిస్తారా?" అని కింద మెసేజ్. ఫొటోలు బాగానే ఉంటాయి, వాటితో చిక్కేమీ లేదు. కానీ ఆ తెల్ల మచ్చలు వైరస్ వల్ల వచ్చాయా, బ్యాక్టీరియా వల్ల వచ్చాయా అన్నది ఫొటో చూసి చెప్పలేను. ఎదురుగా కూర్చోబెట్టి చూసినా చాలాసార్లు చెప్పలేను. ఎడినోవైరస్ వచ్చిన పిల్లాడి టాన్సిల్స్ మీద కూడా అచ్చం అలాంటి తెల్ల పొరే కడుతుంది.

అందుకే నేను గొంతు చూడకముందే అడిగే ప్రశ్న వేరే ఉంటుంది. దగ్గు ఉందా? ముక్కు కారుతోందా? గొంతు బొంగురు పోయిందా? చాలామంది తల్లిదండ్రులు దీన్ని మాట వరసకి అడిగానని అనుకుంటారు. నిజానికి సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎందుకో చెప్తాను. జలుబు చేసే వైరస్‌లు ఒక చోట కుదురుగా ఉండవు. ముక్కు, కళ్లు, స్వరపేటిక, శ్వాసనాళం అన్నీ చుట్టబెడతాయి. కాబట్టి గొంతు నొప్పితో పాటు దగ్గు, జలుబు, కళ్లు ఎర్రబడటం, గొంతు బొంగురు పోవడం, ఒక్కోసారి నోట్లో పుండ్లు, విరేచనాలు కూడా వస్తాయి. గొంతు నొప్పి తెచ్చే బ్యాక్టీరియాలో మనం పట్టించుకోవాల్సింది ముఖ్యంగా ఒకటే, గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్. పొట్టిగా స్ట్రెప్ అంటాం. అది టాన్సిల్స్ మీద, గొంతు వెనక గోడ మీద తిష్ట వేస్తుంది. ముక్కు జోలికి, ఊపిరితిత్తుల జోలికి మామూలుగా పోదు. అందుకని స్ట్రెప్ వచ్చిన పిల్లకి జ్వరం ఒక్కసారిగా వస్తుంది, గుటక వేస్తే ప్రాణం పోతుంది, తలనొప్పి, కడుపు నొప్పి, వాంతి కూడా ఉండొచ్చు. కానీ దగ్గు ఉండదు. అంటే ఇక్కడ లేనిదే మనకి దారి చూపిస్తుంది.

ఒక ఇంటి సంగతి చెప్తాను. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే రోజు వచ్చారు. అన్నకి పన్నెండేళ్లు, చెల్లెలికి ఎనిమిది. ఇద్దరికీ గొంతు నొప్పి. పాపకి జ్వరం 102 ఉంది. దగ్గు లేదు. దవడ కింద, మెడ ముందువైపు బిళ్లలు కట్టాయి, వేలితో తాకితే "అమ్మా" అంది. టాన్సిల్స్ వాచి, చీము చుక్కలు కనిపిస్తున్నాయి. దీన్ని లెక్క కట్టే పద్ధతి ఒకటుంది. 1981లో రాబర్ట్ సెంటర్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన సహచరులు పెద్దవాళ్ల కోసం చేశారు. తర్వాత మెకైజాక్ అనే కెనడా డాక్టర్ దానికి వయసు కూడా కలిపారు. జ్వరం 100.4 దాటితే ఒకటి, దగ్గు లేకపోతే ఒకటి, మెడ ముందు బిళ్లలు నొప్పిగా ఉంటే ఒకటి, టాన్సిల్స్ వాచినా చీము పట్టినా ఒకటి, వయసు 3 నుంచి 14 మధ్య ఉంటే ఇంకొకటి. 45 దాటిన వాళ్లకి ఒకటి తీసేస్తారు. పాపకి అయిదుకి అయిదూ వచ్చాయి.

అన్నకి జ్వరం 100 మాత్రమే. ముక్కు కారుతోంది, దగ్గుతున్నాడు, మాట బొంగురుగా వస్తోంది. గొంతు ఎర్రగా ఉంది, బిళ్లలు లేవు, చీము లేదు. వాడికి వచ్చింది వయసు తాలూకు ఒక్క పాయింటే.

సున్నా, ఒకటి వస్తే పరీక్ష అవసరం లేదు. రెండు, మూడు వస్తే గొంతులోంచి దూది పుల్లతో స్వాబ్ తీయాలి. నాలుగు, అయిదు వస్తే? ఇక్కడ చాలామంది పొరబడతారు. అంత స్కోరు వచ్చాక స్ట్రెప్ ఖాయం కదా, మందు రాసేయొచ్చు కదా అంటారు. కొందరు డాక్టర్లు రాసేస్తారు కూడా. కానీ అంత స్కోరు వచ్చిన వాళ్లలో కూడా పరీక్ష చేస్తే ఇంచుమించు సగం మందిలోనే స్ట్రెప్ దొరుకుతుంది. మిగతా సగంలో ఎక్కువమంది వైరస్ వాళ్లే. కాబట్టి పరీక్ష చేసే వీలున్న చోట పాపకీ స్వాబ్ తీయాల్సిందే. తీశాం. ర్యాపిడ్ టెస్ట్‌లో పది నిమిషాల్లోపే రెండో గీత వచ్చింది, స్ట్రెప్ అని తేలింది.

వాళ్ల నాన్న అప్పుడు అడిగారు, "ఎలాగూ కిట్ ఉంది కదండీ, బాబుకి కూడా తీసేస్తే టెన్షన్ ఉండదు." నేను తీయనన్నాను. ఆయన మొహం చూస్తే కిట్ పిసినారితనం అనుకున్నట్టే ఉంది. అసలు సంగతి వేరు. బడికెళ్లే పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరి గొంతులో స్ట్రెప్ ఊరికే కాపురం ఉంటుంది. వాళ్లకి దాని వల్ల ఏ జబ్బూ ఉండదు. స్వాబ్ మాత్రం పాజిటివ్ చూపిస్తుంది. గొంతులో బ్యాక్టీరియా ఉందా లేదా అన్నదే స్వాబ్ చెప్తుంది. ఈ నొప్పి దాని వల్లేనా అన్నది చెప్పదు. దగ్గు జలుబుతో ఉన్న బాబుకి తీసి పాజిటివ్ వస్తే, జలుబుకి యాంటీబయాటిక్ వేసినట్టవుతుంది. దగ్గు తగ్గిపోయి, కొత్తగా జ్వరమూ గొంతు నొప్పీ వస్తే మళ్లీ తీసుకురండి, అప్పుడు తీస్తానని చెప్పి పంపాను.

స్వాబ్ తీయడం చూడటానికి తేలికే గానీ, సగం నెగటివ్‌లు తీసే చేతి వల్లే వస్తాయేమో అని నాకు అనుమానం. నాలుకని చెక్కతో నొక్కి పట్టి, రెండు టాన్సిల్స్ మీదా, గొంతు వెనక గోడ మీదా దూది పుల్లని గట్టిగా రుద్దాలి. నాలుకకి, బుగ్గకి, కొండనాలుకకి తగలకూడదు. సరిగ్గా తీస్తే పిల్లకి ఓకరింత వస్తుంది. "మా పాప అస్సలు ఏడవలేదండీ, ఎంత బాగా తీశారో" అని ఎవరైనా అంటే నాకు లోపల గుబులే.

ర్యాపిడ్ టెస్ట్ పాజిటివ్ వస్తే దాదాపుగా నమ్మొచ్చు. నెగటివ్‌ని మాత్రం అంతగా నమ్మలేం, స్ట్రెప్ ఉన్న నూరు మందిలో పదిహేను మంది దాకా జారిపోవచ్చు. అందుకే పిల్లల్లో నెగటివ్ వస్తే రెండో స్వాబ్‌ని కల్చర్‌కి పంపుతాం. ల్యాబ్‌లో రక్తం కలిపిన పళ్లెంలో పెంచుతారు. స్ట్రెప్ ఉంటే దాని చుట్టూ రక్తం కరిగి తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దవాళ్లకి మామూలుగా ఆ రెండో పరీక్ష అక్కర్లేదు. మన చిన్న ఊళ్లలో ర్యాపిడ్ కిట్ చాలా చోట్ల దొరకదు, నేరుగా కల్చర్‌కే పంపాల్సి వస్తుంది.

ఈ రెండు రోజుల ఆలస్యమే జనానికి భయం. స్ట్రెప్‌లో మనం అసలు భయపడేది గొంతు గురించి కాదు. స్ట్రెప్ గొంతు నొప్పి మందు లేకపోయినా మూడు నాలుగు రోజుల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. రెండు మూడు వారాల తర్వాత కొంతమంది పిల్లల్లో వచ్చే రుమాటిక్ జ్వరం మన భయం. కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. మన దేశంలో అది ఇంకా పోలేదు. అయితే గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ జాతి మందు మొదలుపెడితే దాన్ని ఆపగలం. కల్చర్ కోసం రెండు రోజులు ఆగితే పోయేదేమీ లేదు. నొప్పికి పారాసిటమాల్, ఉప్పునీళ్ల పుక్కిలింత, కావాలంటే మీ మిరియాల పాలు ఇవ్వండి, నేనేమీ అడ్డు చెప్పను.

ఆగాల్సిన ఆ రెండు రోజుల్లోనే మెడికల్ షాపు నుంచి అజిత్రోమైసిన్ మూడు బిళ్లలు ఇంటికొస్తాయి. రెండు వేసేశాక జ్వరం తగ్గకపోతే మా దగ్గరికొస్తారు. అప్పుడు స్వాబ్ తీసి లాభం తక్కువ. మందు పడ్డాక కల్చర్‌లో బ్యాక్టీరియా పెరక్కపోవచ్చు, నెగటివ్ అంటే ఏమిటో చెప్పలేం. పైగా అజిత్రోమైసిన్‌కి లొంగని స్ట్రెప్ ఉంది. పెన్సిలిన్‌కి మాత్రం ఇన్నేళ్లుగా అది లొంగుతూనే ఉంది. పాపకి ఆ జాతిదే అయిన అమాక్సిసిలిన్ పది రోజులు రాశాను. రెండో రోజుకే ఆడుకుంది, బడికీ వెళ్లింది. పది రోజులూ వేయించడానికి వాళ్లమ్మతో నేను రెండుసార్లు ఫోన్లో మాట్లాడాల్సి వచ్చింది.

నా పొరపాటు ఒకటి కూడా చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. జ్వరం, టాన్సిల్స్ నిండా తెల్ల పొర, దగ్గు లేదు. ఇంకేం కావాలి అనుకుని స్వాబ్ లేకుండానే అమాక్సిసిలిన్ రాశాను. ఆరో రోజున ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లతో వచ్చాడు. అది స్ట్రెప్ కాదు, ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ తెచ్చిన జబ్బు. ఆ జబ్బులో ఈ మందు పడితే అలా దద్దుర్లు రావడం తెలిసిన సంగతే. మెడ వెనక వైపు బిళ్లలు కట్టాయి, కుర్రాడు విపరీతంగా నీరసపడి ఉన్నాడు. రెండూ నేను చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. ఒక నెగటివ్ స్వాబ్ చేతిలో ఉండి ఉంటే ఆగి ఆలోచించేవాణ్ని.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. గొంతు నొప్పి అంటే రక్తం తీసి, స్ట్రెప్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని కొలిచే ఏఎస్ఓ టెస్ట్ చేయించడం. రిపోర్ట్‌లో 400 అని వస్తుంది, ఇల్లంతా కంగారు. ఆ అంకె ఇవాళ్టి గొంతు గురించి ఏమీ చెప్పదు. స్ట్రెప్ వచ్చి వెళ్లిన వారం తర్వాత అది పెరగడం మొదలై, మూడు నుంచి ఆరు వారాలకి బాగా పైకెళ్తుంది. తర్వాత నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు. కీళ్లు వాచి రుమాటిక్ జ్వరం అనుమానం వచ్చినప్పుడు, వెనక ఎప్పుడైనా స్ట్రెప్ వచ్చిందా అని చూసుకోవడానికి అది పనికొస్తుంది. గొంతు నొప్పికి మాత్రం స్వాబే.

డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఇక్కడి అమ్మమ్మలకి ఫోన్లు వస్తుంటాయి, "స్ట్రెప్ టెస్ట్ నెగటివ్ అట, డాక్టర్ మందే ఇవ్వలేదు" అని. అమ్మమ్మలు నన్ను పట్టుకుంటారు. అక్కడి డాక్టర్ చేసింది సరైన పనే అమ్మా, వైరస్‌కి మందు లేదు, వారంలో తగ్గుతుంది అని చెప్తుంటాను. మూడేళ్లలోపు పిల్లలకి స్ట్రెప్ గొంతు, దాని వెనక రుమాటిక్ జ్వరం చాలా అరుదు కాబట్టి వాళ్లకి స్వాబ్ మామూలుగా తీయం.

ఇదంతా మామూలు గొంతు నొప్పి గురించి. నోరు తెరవలేకపోవడం, చొంగ కారడం, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు మాట ముద్దగా రావడం, ఊపిరి పీలిస్తే శబ్దం రావడం ఉంటే స్కోరూ వద్దు, స్వాబూ వద్దు, నేరుగా ఆసుపత్రికి. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర అతుక్కుని, కదిపితే రక్తం వస్తే, మెడ ఎద్దు మెడలా ఉబ్బితే అది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా కావచ్చు. టీకాలు మధ్యలో ఆపేసిన పిల్లల్లో ఇప్పటికీ చూస్తున్నాం, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి వాళ్లకి ఇది కొత్త కాదు. దానికీ స్వాబ్ తీస్తారు, కానీ డిఫ్తీరియా అనుమానం ఉందని ల్యాబ్‌కి విడిగా రాసి పంపాలి. రాయకపోతే వాళ్లు మామూలు పళ్లెంలో స్ట్రెప్ కోసం వెతికి, లేదని పంపేస్తారు. విరుగుడు ఇంజెక్షన్‌ని మాత్రం ఆ రిపోర్ట్ వచ్చేదాకా ఆపరు.